చివరి పిలుపు నిజమైనదే కావాలి: వారాంతపు కార్యశాలకు టికెట్లు అమ్ముడయ్యే తీరు

నగరాల్లో, పట్టణాల్లో శని, ఆదివారాల కార్యశాలలు బాగా పెరిగాయి. కుండల తయారీ, మిద్దెతోట, చిరుధాన్యాల వంట, చేతిరాత, కలంకారీ ఇలా ఏదో ఒక విద్యను రెండు రోజుల్లో పరిచయం చేస్తారు. వీటిని నిర్వహించేది చాలావరకు ఇద్దరు ముగ్గురు మనుషులే. నేర్పే కళాకారుడు దొరకడం కష్టం కాదు, హాలు దొరకడమూ కష్టం కాదు. ఇరవై, ఇరవై అయిదు టికెట్లు సమయానికి అమ్మడమే కష్టం. ఆ పని ఇప్పుడు దాదాపు పూర్తిగా ఫోన్ తెరమీద జరుగుతోంది: ఒక ప్రకటన, కొన్ని గుర్తుచేతలు, చివరికి ‘ఇదే ఆఖరి అవకాశం’ అనే సందేశం.

ఈ చివరి సందేశం దగ్గరే తేడా వస్తుంది. అది నిజమైన గడువును చెబితే టికెట్లు అమ్ముడవుతాయి. ఉత్త తొందర పెట్టడానికే పంపితే ఒకసారి పనిచేస్తుందేమో గాని, రెండోసారి ఎవరూ నమ్మరు. పైగా ఇది ఇప్పుడు మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టానికి సంబంధించినది కూడా.

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఈ వ్యవహారాన్ని మొదటినుంచి చూడవచ్చు. విజయవాడలో 2026 ఫిబ్రవరి 7, 8 తేదీల్లో, అంటే శని, ఆదివారాల్లో, శ్రీకాళహస్తి కలంకారీపై శిక్షణ పెట్టాలని ఒక చిన్న బృందం అనుకుందనుకుందాం. సీట్లు 24.

గడువు ఎక్కడినుంచి వస్తుంది?

శ్రీకాళహస్తి పద్ధతిలో బొమ్మను అచ్చులతో కాక చేతితో, కలంతో వేస్తారు. మొన తేల్చిన వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారంతో బిగించి ఆ కలాన్ని తయారు చేస్తారు. నూలు గుడ్డను మామూలుగా తెచ్చి పరిచేస్తే బొమ్మ నిలవదు. ముందు దాన్ని ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు చెదిరి పాకదు. కరక్కాయ వల్ల నల్లరంగు పట్టుకుంటుంది. ఆ నల్లరంగు కూడా అంగట్లో కొనేది కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రెండు మూడు వారాలు ఊరబెడితే వచ్చే ద్రవమే అది.

కార్యశాల ప్రచారానికి ఈ వివరాలతో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. రంగు వారాల ముందే మొదలుపెట్టాలి కాబట్టి శిక్షణ జరుగుతుందో లేదో చివరి రోజు వరకు తేల్చకుండా ఉండలేరు. గుడ్డను గురువారం నానబెట్టి ఆరబెడితేనే శనివారానికి సిద్ధమవుతుంది కాబట్టి ఎంతమంది వస్తున్నారో బుధవారం సాయంత్రానికి తెలియాలి. ఫిబ్రవరి 4, బుధవారం సాయంత్రం 6 గంటలు అనే గడువు ఇలా పుట్టింది. దాన్ని ప్రచారం చేసేవారు కల్పించలేదు, గుడ్డ నిర్ణయించింది. వంట కార్యశాలైతే సరుకుల కొనుగోలు, కుండల కార్యశాలైతే మట్టి పదును పెట్టడం ఇలాంటి గడువునే ఇస్తాయి. ప్రకటన రాసేముందు ఈ ఒక్క రోజును కనుక్కుంటే మిగిలిన సందేశాలన్నీ దానినుంచి వెనక్కి లెక్కించుకోవచ్చు.

ముందు లెక్క, తర్వాత రాయితీ

హాలు అద్దె రూ.6,000, కళాకారుడికీ సహాయకుడికీ రెండు రోజుల పారితోషికం రూ.10,000, వారి ప్రయాణం, బస రూ.3,000, చిల్లర ఖర్చులు రూ.1,000. మొత్తం రూ.20,000. పదిమంది వచ్చినా, ఇరవైమంది వచ్చినా ఇది మారదు. దీనికి తోడు వచ్చే ప్రతి మనిషికీ గుడ్డ, రంగులు, భోజనం, చెల్లింపు సంస్థ రుసుము కలిపి మరో రూ.700 అనుకుందాం. టికెట్ ధర రూ.1,800 పెడితే ఒక్కో టికెట్ మీద స్థిర ఖర్చుకు రూ.1,100 మిగులుతుంది. అంటే నష్టం లేకుండా బయటపడాలంటే 19 టికెట్లు అమ్మాలి.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ముందుగా చేరేవారికి రాయితీ ప్రకటిస్తారు కాని లెక్క మళ్లీ వేయరు. మొదటి 8 మందికి రూ.1,500కే ఇస్తే ఆ టికెట్ల మీద మిగిలేది రూ.800 మాత్రమే. అప్పుడు అమ్మవలసిన టికెట్లు 19 కావు, 21. ఉన్నవి 24 సీట్లే కాబట్టి ఈ రెండు టికెట్ల తేడా చిన్నది కాదు. రాయితీ వద్దని కాదు. మొదటి వారంలోనే కొంత డబ్బు చేతికి వస్తే కళాకారుడికి బయానా ఇవ్వవచ్చు, ఇనుము, బెల్లం ఊరబెట్టమని చెప్పవచ్చు. అయితే రాయితీ సీట్లకు ఒక సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య నిండగానే ధర నిజంగా మారాలి.

తేదీల ఎంపికలోనూ పంచాంగం, జీతాల తేదీ రెండూ చూడాలి. మూడు వారాల ముందు అంటే జనవరి 17. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవారు అప్పటికి తిరుగుముఖం పడతారు. అంతకుముందు ప్రకటిస్తే అరిసెల హడావిడిలో ఎవరి కంటా పడదు. రాయితీ ఆఖరి తేదీని జనవరి 30గా పెట్టడం కన్నా ఫిబ్రవరి 1 రాత్రిగా పెట్టడం మేలు. నెలాఖరున వాయిదా వేసిన ఖర్చును జీతం పడ్డ మర్నాడు చాలామంది చేస్తారు.

మొదటి ప్రకటనలో ఏముండాలి?

నిర్వాహకుల ఉత్సాహం మొదటి ప్రకటనలో ఎక్కువగా కనిపిస్తుంది. కలంకారీ చరిత్ర రెండు పేరాలు, కళాకారుడి ప్రతిభ ఒక పేరా, ఆ తర్వాత ఎక్కడో అడుగున తేదీ. చదివేవాడికి కావలసింది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. టికెట్ అమ్మే ప్రకటన ఇలా ఉంటే చాలు:

‘శ్రీకాళహస్తి కలంకారీ – రెండు రోజుల శిక్షణ. ఫిబ్రవరి 7, 8 (శని, ఆది), ఉదయం 10 నుంచి సాయంత్రం 4.30 వరకు, విజయవాడ. సీట్లు 24. రుసుము రూ.1,800, అన్నీ కలిపి. మొదటి 8 మందికి రూ.1,500, ఫిబ్రవరి 1 రాత్రి వరకు. గుడ్డ, రంగులు, కలం, రెండు పూటల భోజనం మేమే ఇస్తాం. బొమ్మలు వేయడం వచ్చి ఉండనక్కర లేదు. మీరు వేసింది ఇంటికి తీసుకెళ్లవచ్చు. నమోదుకు ఆఖరి గడువు ఫిబ్రవరి 4, బుధవారం సాయంత్రం 6 గంటలు. ఫిబ్రవరి 2 లోగా రద్దు చేసుకుంటే డబ్బు పూర్తిగా వాపసు.’

దీని కింద నమోదు చిరునామా, ఒక ఫోన్ నంబరు. రేడియోలో చదివినా నిమిషం లోపే ముగుస్తుంది. రేడియోలో ప్రకటనలు రాసినవారికి ఒక అలవాటు ఉంటుంది. వినేవాడు లింకు నొక్కలేడు, వెనక్కి తిప్పి చదవలేడు. అందుకని తేదీని రెండుసార్లు చెబుతారు, వారం పేరు కలిపి చెబుతారు. ఫోన్ తెరమీద కూడా ఈ అలవాటు పనికివస్తుంది.

ముఖ్యంగా ‘రేపు’ అనే మాటతో జాగ్రత్త. వాట్సాప్‌లో ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు పాకే సందేశానికి పుట్టిన రోజు కనిపించదు. ‘రేపే ఆఖరి రోజు’ అన్న సందేశం వారం తర్వాత చేరినా అది రేపే అని చెబుతూనే ఉంటుంది. ‘వచ్చే ఆదివారం’ సంగతీ అంతే. గురువారం నాడు ఆ మాట వింటే కొందరు మూడు రోజుల తర్వాతి ఆదివారం అనుకుంటారు, కొందరు పది రోజుల తర్వాతిది అనుకుంటారు. అంకెల్లో తేదీ, పక్కన వారం పేరు ఉంటే ఈ తగవు రాదు.

అలాగే, వివరాలన్నీ బొమ్మలోనే పెట్టి పోస్టరుగా పంపితే చూడ్డానికి బాగుంటుంది కాని దానిలోని ఫోన్ నంబరు నొక్కితే మోగదు. చూపు లేనివారికి చదివి వినిపించే సాధనాలకు కూడా ఆ అక్షరాలు సరిగా అందవు. పోస్టరు పంపినా దాని కింద ఇవే వివరాలు అక్షరాల్లో ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసే వ్యాఖ్యలో లింకు పెడితే అది నొక్కడానికి పనికిరాదు. దాన్ని ఖాతా పరిచయంలో ఉంచి, అక్కడ ఉందని చెప్పాలి. వాట్సాప్ ప్రసార జాబితా ద్వారా పంపితే, పంపినవారి నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే అది చేరుతుంది. రెండు వందల మందికి పంపాం, ఒక్కరూ స్పందించలేదు అని బాధపడేవారు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

గుర్తుచేయడం అంటే మళ్లీ అదే పంపడం కాదు

ప్రకటన తర్వాత మూడు వారాల్లో ఎన్నిసార్లు గుర్తుచేయాలి అన్నదానికి కచ్చితమైన సంఖ్య లేదు. కాని ఒక కొలబద్ద ఉంది: ప్రతి సందేశంలో ముందుదానిలో లేని ఒక సంగతి ఉండాలి. అదే పోస్టరును నాలుగుసార్లు పంపితే మూడోసారికి గుంపులో ఎవరో ఒకరు విసుక్కుంటారు, మిగిలినవారు చప్పుడు రాకుండా చేసుకుంటారు.

ఈ ఉదాహరణలో రెండోవారం సందేశం, ఫోన్ చేసినవాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు కావచ్చు. ‘పిల్లల్ని తీసుకురావచ్చా?’, ‘ఒక్కరోజే వస్తే చాలా?’ వంటివి ముగ్గురు అడిగారంటే అడగకుండా ఊరుకున్నవారు ఇంకా ఉన్నారని అర్థం. ఒక్కరోజు కుదరదని, మొదటి రోజు పటిక పూసిన భాగం రాత్రంతా ఆరితేగాని రెండోరోజు ఎరుపు రంగు పట్టదని చెబితే అది జవాబూ అవుతుంది, శిక్షణలో ఏం జరుగుతుందో రుచి చూపినట్టూ అవుతుంది. మూడో సందేశం రాయితీ ముగింపు గురించి. అది జనవరి 31న వెళుతుంది. రాయితీ సీట్లు ఆ లోపలే నిండిపోతే, నిండిపోయాయనే సందేశం పంపాలి.

అమ్మకం సాగకపోతే కారణం ఎక్కడుందో మూడు సంఖ్యలు చెబుతాయి. ప్రకటన ఎంతమంది చూశారు, నమోదు పుట ఎంతమంది తెరిచారు, ఎంతమంది డబ్బు కట్టారు. చూసినవారు చాలామంది ఉండి తెరిచినవారు కొద్దిమందే అయితే లోపం ప్రకటనలో ఉంది. తెరిచినవారు ఉన్నా కట్టినవారు లేకపోతే లోపం ఆ పుటలో ఉంది. ధర అక్కడ ఎక్కువ కనిపిస్తూ ఉండవచ్చు, వాపసు నియమం లేకపోవచ్చు, చెల్లింపే విఫలమవుతూ ఉండవచ్చు. నిర్వాహకులు తమ ఫోన్‌లో కాక ఇంట్లో పెద్దవారి ఫోన్ తీసుకుని ఒక టికెట్ కొని చూస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ‘ఆసక్తి ఉంది’ అని నొక్కినవారిని, ‘తప్పకుండా వస్తాం’ అని బదులిచ్చినవారిని ఈ లెక్కలో చేర్చకూడదు. గుడ్డ నానబెట్టేది డబ్బు కట్టినవారికే.

ఇంకో చిక్కు రెండుచోట్ల అమ్మడం. ఒకవైపు టికెట్ల పుట, మరోవైపు యూపీఐలో డబ్బు పంపి తెరచిత్రం వాట్సాప్ చేసేవారు. తెరచిత్రంలో డబ్బు పంపిన పేరు ఒకటి, వచ్చే మనిషి పేరు మరొకటి ఉంటుంది. 24 సీట్లకు 26 మంది తేలడం ఇలాగే జరుగుతుంది. అమ్మిన ప్రతి సీటూ ఒకే జాబితాలో, అదే రోజు చేరితేనే ‘ఇన్ని మిగిలాయి’ అని నిజం చెప్పగలరు.

తొందర పెట్టడానికి చట్టం గీసిన గీత

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న కొన్ని మార్గదర్శకాలు జారీచేసింది. ఆన్‌లైన్ అమ్మకాల్లో వినియోగదారుడిని మభ్యపెట్టే 13 పోకడలను వాటిలో పేర్కొన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చిన ఈ మార్గదర్శకాలు పెద్ద వేదికలకే కాక ప్రకటనకర్తలకు, అమ్మకందారులకు కూడా వర్తిస్తాయి.

ఆ జాబితాలో మొదటిది కల్పిత అత్యవసరం. ఉన్నవాటికన్నా తక్కువ మిగిలాయని చెప్పడం, లేని గిరాకీ ఉన్నట్టు చూపడం దీని కిందికి వస్తాయి. సందర్భం చెప్పకుండా ‘రెండు గదులే ఉన్నాయి, ముప్పై మంది ఇప్పుడే చూస్తున్నారు’ అనడాన్ని మార్గదర్శకాలు ఉదాహరణగా ఇచ్చాయి. పది సీట్లు ఖాళీగా ఉండగా ‘మూడే ఉన్నాయి’ అనే కార్యశాల ప్రకటనది కూడా ఇదే దారి. ధరను ముందు తక్కువగా చూపి, చెల్లించే చోట అదనపు రుసుములు చేర్చడం మరో పోకడ. పై ప్రకటనలో ‘అన్నీ కలిపి’ అన్న మాట అందుకే. కాదన్నవారిని సిగ్గుపడేలా చేయడం కూడా జాబితాలో ఉంది. ‘వద్దు, నాకు మన కళల మీద గౌరవం లేదు’ అని రాసిన మీట కొందరికి చమత్కారంగా తోచవచ్చు. అది చమత్కారం కాదు.

మన ఊళ్లలో దీనికి పాత బంధువు ఒకటుంది. సర్కసులు, నాటక సమాజాల పోస్టర్ల మీద ‘ప్రజల కోరిక మేరకు మరో మూడు రోజులు’ అని అంటించే చీటీ. ప్రజలు కోరారో, గుడారంలో కుర్చీలు నిండలేదో చూసినవారికి తెలిసేది. బుధవారం గడువని చెప్పి గురువారం ‘మరో రోజు పొడిగించాం’ అంటే, బుధవారమే పరుగున కట్టినవాడు తాను మోసపోయానని అనుకుంటాడు. వచ్చే నెల కార్యశాలకు అతడు పొడిగింపు కోసం ఆగుతాడు.

మంగళవారం రాత్రి

ఫిబ్రవరి 3 రాత్రికి 17 టికెట్లు అమ్ముడయ్యాయనుకుందాం. వాటిలో 8 రాయితీవి, 9 పూర్తి ధరవి. స్థిర ఖర్చుకు చేరింది రూ.16,300. ఇంకా రూ.3,700 తక్కువ. ఇప్పుడు రద్దుచేస్తే హాలు బయానా రూ.3,000 తిరిగిరాదు, కళాకారుడికి ఇచ్చిన రూ.5,000 అడగడం న్యాయం కాదు. అంటే రద్దుచేస్తే నష్టం రూ.8,000, జరిపితే ఎక్కువలో ఎక్కువ రూ.3,700. జరపడమే సరి. 14 కన్నా తక్కువ అమ్ముడై ఉంటేనే ఈ లెక్క తిరగబడేది. ఆ సంఖ్యను ముందే రాసిపెట్టుకున్నవారికి మంగళవారం రాత్రి నిద్ర పడుతుంది.

బుధవారం ఉదయం చివరి పిలుపు వెళుతుంది:

‘కలంకారీ శిక్షణ (ఫిబ్రవరి 7, 8, విజయవాడ) నమోదు ఈ రోజు, ఫిబ్రవరి 4 బుధవారం, సాయంత్రం 6 గంటలకు ముగుస్తుంది. 24 సీట్లలో 7 ఉన్నాయి. గుడ్డను రేపు ఉదయం, ఫిబ్రవరి 5న, కరక్కాయ, గేదె పాలలో నానబెడతారు. అందుకే ఆ తర్వాత ఎవరినీ చేర్చుకోలేం. రుసుము రూ.1,800, అన్నీ కలిపి.’

ఇందులో ఆశ్చర్యార్థకాలు లేవు, గడియారపు బొమ్మ లేదు. ఎందుకు ముగుస్తోందో చెప్పింది. వాయిదా వేస్తూ వచ్చినవారికి కావలసింది ఆ ఒక్క కారణమే. నలుగురు చేరితే 21, ఖర్చులు గట్టెక్కుతాయి. చేరకపోతే నష్టం ఎంతో తెలుసు.

ఈ సందేశం ఎవరికి వెళ్లకూడదో చూసుకోవడం కూడా ముఖ్యమే. డబ్బు కట్టినవారికి ఇది చేరితే ‘నా చెల్లింపు అందలేదా?’ అని ఫోన్లు మొదలవుతాయి, కొందరు రెండోసారి కట్టేస్తారు. కట్టినవారి జాబితాను పక్కకు తీశాకే పంపాలి. సాయంత్రం ఆరు దాటాక వచ్చినవారి డబ్బు తీసుకోకుండా పేరు, నంబరు రాసుకుని, తర్వాతి శిక్షణ తేదీ ముందుగా చెబుతామనాలి. నమోదు పుటను అదే నిమిషానికి మూసేయాలి. చాలామంది ఇది మరచిపోతారు. రాత్రి పదిన్నరకు ఇద్దరు కట్టేసి ఉంటారు, వారికి గుడ్డ ఉండదు.

డబ్బు కట్టినవారికి వేరే సందేశం శుక్రవారం సాయంత్రం వెళుతుంది. అందులో అమ్మకపు మాట ఒక్కటీ ఉండదు. హాలుకు దారి, బండి నిలిపే చోటు, తొమ్మిదిన్నరకల్లా తలుపులు తెరుస్తారన్న సంగతి, ఆ రెండు రోజులు ఎత్తే ఫోన్ నంబరు. రాలేనివారు తమ బదులు మరొకరిని పంపవచ్చని, పేరు ముందుగా చెప్పాలని ఒక మాట. కసిం మరక బట్టకు అంటితే పోదు కాబట్టి పాత బట్టలు వేసుకుని రమ్మని ఇంకో మాట.